పండగకు ముందు తలకు రంగు: ఆ రెండు రోజులు ఏం చేయాలి, ఎప్పుడు ఆగకూడదు

ఉగాది, దీపావళి వస్తున్నాయంటే మన బొమ్మనహళ్ళి ఇళ్ళలో ఒక చిక్కు వస్తుంది. ముందురోజు సాయంత్రం తలకు రంగు వేసుకుంటాం. తెల్లవారగానే నువ్వుల నూనె పెట్టి, కుంకుడు రసంతో, పొగలు కక్కే నీళ్ళతో తలంటు. కొత్తగా వేసిన రంగుకు ఇంతకంటే పెద్ద పరీక్ష లేదు.

కారణం తెలిస్తే జాగ్రత్త సులువవుతుంది. పొడి డబ్బాలు, క్రీమ్ ప్యాకెట్లలోని రంగు వెంట్రుక లోపలికి చేరి అక్కడ తయారవుతుంది. అందుకోసం ఆ మందు వెంట్రుక పైపొరను కాస్త ఉబ్బించి తెరుస్తుంది. తర్వాత తల తడిసినప్పుడల్లా వెంట్రుక మళ్ళీ ఉబ్బి, రంగు కొంత బయటికి వస్తుంది. నీళ్ళు ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువగా వస్తుంది. మొదటి రెండు రోజులు తల తడపకపోవడం మేలనేది అందుకే.

గోరింటాకు, నీలి ఆకు పొడి వాడేవారికి ఈ రెండు రోజులు ఇంకా ముఖ్యం. గోరింటాకు ఎరుపు కడిగిన వెంటనే నారింజలా కనిపించి, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. దానిమీద వేసిన నీలి మొదట కాస్త ఆకుపచ్చగా కనిపించినా, గాలి తగిలేకొద్దీ నలుపుకు తిరుగుతుంది. ఆ పచ్చదనం చూసి కంగారుపడి షాంపూతో రుద్దితే పని చెడుతుంది. పొడి పోయేదాకా ఉత్త నీళ్ళతో కడిగి వదిలేయండి.

పండగ ఆదివారం అనుకుందాం. సోమవారం సాయంత్రం కొంచెం రంగు కలిపి మోచేతి లోపలివైపు చిన్న చుక్క పెట్టి చూడండి. ఎప్పుడూ వాడే కంపెనీదే అయినా చూడాలి, ఎందుకంటే ఏళ్ళ తరబడి పడిన రంగు ఒకరోజు హఠాత్తుగా పడకపోవచ్చు. రెండు రోజుల్లో దురద, ఎరుపు లేకపోతే బుధవారం సాయంత్రం వేసుకోండి. ప్యాకెట్ మీద రాసిన సమయం దాటనివ్వకండి. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి. మర్నాడు దిండు గలేబుకు రంగు అంటితే కడగడం సరిపోలేదని అర్థం. పాత తువాలు పరుచుకుంటే సరి. గురు, శుక్రవారాలు ఒంటికి మాత్రమే స్నానం. తలకు ప్లాస్టిక్ టోపీ పెట్టుకుంటే చాలు. శనివారం చేతిలో ఉంటుంది. ఆదివారం తలంటు నిశ్చింతగా చేసుకోవచ్చు.

నూనె శత్రువు కాదు. కొబ్బరి నూనె వెంట్రుకలోకి నీరు పట్టడాన్ని తగ్గిస్తుంది కూడా. చిక్కంతా ఆ జిడ్డు వదిలించడానికి మనం చేసే రుద్దుడుతోనే. అందుకే పండగనాడు నూనె తక్కువ పెట్టి, కుంకుడు రసం పల్చగా కలిపి, వేళ్ళ కొనలతో ఒక్కసారి రుద్దితే చాలు. బట్టల సబ్బు, ఒంటి సబ్బు తలకు వద్దు.

నీళ్ళ వేడికి థర్మామీటర్ అక్కర్లేదు. పసిపిల్లల స్నానానికి మోచెయ్యి పెట్టి చూస్తామే, అంత గోరువెచ్చన చాలు. గీజరు నీళ్ళు నేరుగా తలమీద పోసుకోకండి, బకెట్‌లో చన్నీళ్ళు కలిపాకే పోసుకోండి. మన వైపు ఇంకో సంగతి బోరు నీళ్ళు. ఉప్పు నీళ్ళలో సబ్బు నురగరాక తెట్టులా వెంట్రుకకు అంటి, రంగు మాసినట్టు కనబడుతుంది. 2024 అక్టోబరులో కావేరి అయిదో దశ ప్రారంభమయ్యాక చాలామంది ఇళ్ళకు కనెక్షన్ వచ్చింది. వచ్చినవారు తలకు ఆ నీళ్ళే వాడండి. రానివారు కనీసం చివరి రెండు మగ్గులు తాగే నీళ్ళు పోసుకోండి.

ఆ తర్వాత వారానికి రెండుసార్ల తలస్నానం చాలు. రోజూ పోసుకునే అలవాటున్న మగవారికి ఇది కష్టమే, కానీ రంగు త్వరగా పోతోందని ఫిర్యాదు చేసేదీ ఎక్కువగా వారే! మూడు నాలుగు తలస్నానాల తర్వాత కూడా నీళ్ళు ముదురుగా వస్తుంటే రంగు సరిగా పట్టలేదన్నమాట. సాధారణంగా జిడ్డు తలమీద వేయడమో, సమయానికి ముందే కడిగేయడమో కారణం.

ఒక్క సందర్భంలో ఈ రెండు రోజుల నియమం పక్కన పెట్టాలి. నల్ల రంగుల్లో ఉండే పీపీడీ అనే పదార్థం కొందరికి పడదు. 'నల్ల గోరింటాకు' అని అమ్మే ప్యాకెట్లలోనూ అది ఉండవచ్చు, వెనకవైపు చదవండి. పడకపోతే ఆ లక్షణాలు వెంటనే కాక, ఒకటి నుంచి మూడు రోజుల్లో కనబడవచ్చు: మాడు మంట, చెవుల వెనక దురద, నీరు కారే పొక్కులు, కనురెప్పల వాపు. అప్పుడు రంగు నిలవాలని ఆగకండి. చల్లని నీళ్ళు, తేలికపాటి షాంపూతో వెంటనే కడిగేసి చర్మవైద్యుడికి చూపించండి, ప్యాకెట్ కూడా తీసుకెళ్ళండి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకే వెళ్ళాలి. అలా ఒకసారి అయినవారు ఆ రకం రంగు మళ్ళీ ముట్టుకోకూడదు, వేరే కంపెనీదైనా సరే.