కేంద్రం సరిగ్గా వచ్చిందా?

వృత్తం, దీర్ఘవృత్తం లెక్కల్లో జవాబు తప్పితే, ఎక్కువగా అది వర్గం పూర్తి చేసే చోటో, కేంద్రం రాసుకునే చోటో తప్పుతుంది. ఈ సమీకరణం చూడండి:

4x² + 9y² − 16x + 54y + 61 = 0

పదాలను జత చేస్తే 4(x² − 4x) + 9(y² + 6y) = −61. బ్రాకెట్లలో 4, 9 కలిపితే వర్గాలు పూర్తవుతాయి. చాలామంది కుడివైపు కూడా 4, 9 మాత్రమే కలిపేస్తారు. అసలు ప్రమాదం ఇక్కడే. బ్రాకెట్ బయట గుణకాలున్నాయి కనుక ఎడమవైపు నిజంగా చేరింది 4×4 = 16, 9×9 = 81. కుడివైపూ అవే చేరాలి:

4(x − 2)² + 9(y + 3)² = 36

తప్పుగా కలిపితే కుడివైపు −48 వచ్చేది. వర్గాల మొత్తం రుణసంఖ్య కాదు కనుక పొరపాటు వెంటనే బయటపడుతుంది. అన్ని లెక్కలూ ఇంత దయ చూపవు. ధనసంఖ్యే వస్తే తప్పు కనిపించకుండా దాక్కుంటుంది.

కేంద్రం (2, −3). దీన్ని (−2, 3) అని రాయడం మామూలే. బ్రాకెట్‌ను సున్నా చేసే విలువే కేంద్రమని గుర్తుంటే గుర్తు తారుమారు కాదు.

సరిచూడటానికి కేంద్రాన్ని మొదటి సమీకరణం ఎడమవైపు ప్రతిక్షేపించాలి: 16 + 81 − 32 − 162 + 61 = −36. కుడివైపు వచ్చిన 36కు ఇది సరిగ్గా వ్యతిరేకం. (−2, 3) పెడితే 352 వస్తుంది. 36తో భాగిస్తే అర్ధాక్షాలు 3, 2. కేంద్రం నుంచి కుడికి 3 జరిగితే వచ్చే (5, −3) కూడా సమీకరణాన్ని తృప్తిపరుస్తుంది: 100 + 81 − 80 − 162 + 61 = 0.