గిన్నెలు అవే, వడ్డన మారింది

నాన్నకు షుగర్ అని తేలాక అమ్మ కొన్నాళ్లు రెండు వంటలు చేసింది. ఆయనకు జొన్నరొట్టె, మాకు అన్నం. రొట్టె నములుతున్నంతసేపూ ఆయన చూపు మా గోంగూర పప్పు మీదే! చివరికి అమ్మ వంట ఒకటే చేసి, వడ్డన మార్చింది. నాన్న కంచంలో సగం బీరకాయో చిక్కుడో కూర, పావు వంతు పప్పు, మిగతా పావే అన్నం. మాకూ అవే, అన్నం మాత్రం కాస్త ఎక్కువ. బంగాళాదుంప వేపుడు చేసిన రోజు ఆయనకు అన్నం ఇంకా తగ్గేది, దుంపా పిండిపదార్థమే కదా. ముందు కూర, పప్పు తింటే చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. తిన్న రెండు గంటలకు 240 చూపించే మీటరు 170కి దిగింది. అయితే కొన్ని మాత్రలు వేసుకుంటూ అన్నం బాగా తగ్గిస్తే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. నాన్నకు ఓసారి అలాగే అయితే, డాక్టరు మాత్ర మోతాదు తగ్గించారు.