పాప, రోబో, ఒక్క వాక్యం

“తప్పిపోయిన పాపకు ఒక రోబో దొరుకుతుంది, ఇద్దరూ స్నేహితులవుతారు.” వినడానికి బాగుంది గానీ, దీన్ని పట్టుకుని యానిమేటర్ ఒక్క షాటు కూడా గీయలేడు. ఎవరికి ఏం కావాలి? ఏది అడ్డు? అందుకు ఏం పోగొట్టుకోవాలి?

మూడు నిమిషాల సినిమాకు ఇద్దరు కథానాయకులు బరువే. అందుకే నిర్ణయం తీసుకునే పని రోబోకే ఇద్దాం. చోటు రైల్వే స్టేషన్, సమయం రాత్రి. రోబో పని ప్లాట్‌ఫాం ఊడవడం. ఇప్పుడు వాక్యం ఇలా మారుతుంది: “తప్పిపోయిన పాపను రైలు కదిలేలోపు స్టేషన్ అవతలి చివరనున్న తల్లి దగ్గరికి చేర్చాలంటే, ప్లాట్‌ఫాం ఊడ్చే రోబో తనకు మిగిలిన ఆఖరి ఛార్జింగును ఖర్చు చేసుకోవాలి.”

కోరిక, గడువు, మూల్యం మూడూ ఇందులో కంటికి కనిపించేవే. రోబో ఛాతీ మీద తగ్గిపోతున్న బ్యాటరీ గీతలు చాలు, మాటలక్కర్లేదు.

పరీక్ష ఒకటుంది. రోబో స్థానంలో పోర్టర్‌ను పెట్టి చూడండి. మొదటి వాక్యం చెక్కుచెదరదు, అంటే అందులో రోబో ఉత్త అలంకారం. రెండోది కూలిపోతుంది, పోర్టర్‌కు ఛార్జింగ్ అయిపోదు కదా!

రోబో చేరిందా లేదా అన్నది మాత్రం ఈ వాక్యంలో పెట్టకపోవడమే నాకిష్టం. దాన్ని స్టోరీబోర్డులో తేల్చుకోవచ్చు.