ఫొటోలోని సంఖ్యకు నాలుగు మూలాలు

స్నేహితుడి నోటుపుస్తకం ఫొటో వాట్సాప్‌లో వచ్చింది. అందులో z = −8 + 8√3 i. దీని నాలుగో మూలాలు కావాలి. లెక్క మొదలుపెట్టే ముందు ఫొటోను పెద్దది చేసి చూడాలి. 8 ముందున్న గీత మైనస్సేనా, కాగితం మడతా? వర్గమూలం గీత 3 దగ్గరే ఆగిందా, i మీదికి కూడా పాకిందా? పాకితే అది వేరే సంఖ్య.

సరిగ్గా చదివాక మాపం కడదాం. 64కు 192 కలిపితే 256, దాని వర్గమూలం 16. అసలు చిక్కు కోణంతోనే. 8√3ను −8తో భాగించి క్యాలిక్యులేటర్‌లో tan⁻¹ నొక్కితే −60° వస్తుంది. అది నాలుగో పాదంలోని కోణం. మన బిందువు ఎడమవైపు, పైన, అంటే రెండో పాదంలో ఉంది. కాబట్టి 180° కలిపి 120° తీసుకోవాలి. చిన్న బొమ్మ గీస్తే ఈ తప్పు వెంటనే దొరుకుతుంది. ధ్రువ రూపం ఇది:

z = 16(cos 120° + i sin 120°)

ఇక డిమూవర్ సిద్ధాంతం. ఘాతానికి కోణాన్ని గుణించినట్టే, మూలానికి భాగిస్తాం. 16కు నాలుగో మూలం 2, 120°ని నాలుగుతో భాగిస్తే 30°. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ 120°కి 360° కలిపినా దిశ మారదు. నాలుగుతో భాగించాక మాత్రం ఆ 360° కాస్తా 90° తేడాగా మిగులుతుంది. అందుకే కోణాలు 30°, 120°, 210°, 300°. మూలాలు √3 + i, −1 + √3 i, −√3 − i, 1 − √3 i.

సరిచూడాలంటే √3 + iని వర్గం చేయండి: 2 + 2√3 i. మళ్లీ వర్గం చేస్తే −8 + 8√3 i. నాలుగింటినీ కూడితే సున్నా కూడా రావాలి.