మారే కొలత, మారని అక్షరం

పాట మధ్యలో వేగాన్ని కచ్చితమైన నిష్పత్తిలో మార్చే పద్ధతి మెట్రిక్ మాడ్యులేషన్. అమెరికన్ స్వరకర్త ఎలియట్ కార్టర్ 1948 నాటి చెల్లో సొనాటాలో దీన్ని విస్తృతంగా వాడాడు.

ఒక ఉదాహరణ: 3/4 కొలతలో నిమిషానికి 90 క్వార్టర్ నోట్లు, అంటే 180 ఎయిత్ నోట్లు. కొలత 6/8కి మారినా ఎయిత్ నోటు వేగం మారదు; మూడేసి చొప్పున కూడితే నిమిషానికి 60 దెబ్బలు పడతాయి. తర్వాత 2/4 వస్తుంది. ఆ గీతపైన ‘డాటెడ్ క్వార్టర్ = క్వార్టర్’ అని రాస్తారు; సాధారణంగా ఎడమది పాత విలువ, కుడిది కొత్తది. ఇప్పుడు క్వార్టర్ వేగం 60.

లెక్కించేటప్పుడు ‘ఒకటి-రెండు-మూడు’ను మనసులో ఆపకూడదు. ఆ మూడు అక్షరాలే కొత్త దెబ్బలో ట్రిప్లెట్‌గా ఇముడుతాయి. కొత్త ఎయిత్ నోట్లు దెబ్బకు రెండే, నిమిషానికి 120. అవి పాత వేగంతోనే పరుగెడుతుంటే లెక్క తప్పినట్టే.