జాకెట్టు చేతులు వదులైతే

36 ఏళ్ల టైలర్ ఒకామెను ఊహించుకోండి. ఏడాదిన్నరలో 12 కిలోలు పెరిగింది. తన జాకెట్లు తానే కుట్టుకుంటుంది కాబట్టి ఒక వింత ఆమె కంటపడింది. నడుము దగ్గర కుట్లు విప్పి వదులు చేసుకోవాల్సి వస్తోంది, చేతుల దగ్గర మాత్రం బిగించి కుట్టుకోవాల్సి వస్తోంది. ముఖం గుండ్రంగా, ఎర్రగా అయింది. పీట మీద కూర్చుంటే గోడ పట్టుకోకుండా లేవలేకపోతోంది. మిషన్ అంచు తగిలినా చర్మం కమిలి నల్లమచ్చ పడుతోంది. ఈమధ్యే బీపీ, షుగరు రెండూ బయటపడ్డాయి. ఇంట్లోవాళ్లు చెప్పేది ఒక్కటే: అన్నం తగ్గించు.

ఇది అన్నం వల్ల వచ్చిన ఒళ్లు కాకపోవచ్చు. మామూలుగా లావైతే పొట్టతో పాటు చేతులూ తొడలూ ఎంతోకొంత నిండుతాయి. ఇక్కడ నడిమి భాగం ఉబ్బుతుంటే కాళ్లూ చేతులూ సన్నబడుతున్నాయి. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు తయారుచేసే కార్టిసాల్ అనే హార్మోన్ నెలల తరబడి మోతాదు మించితే ఇలా జరుగుతుంది. అది కండలోని ప్రొటీన్‌ను కరిగించి చక్కెరగా మారుస్తుంది, కొవ్వును పొట్టలోకి, ముఖానికి, మెడ వెనక్కి చేరుస్తుంది. చర్మాన్ని పలచబరుస్తుంది. అందుకే పొట్ట మీద సాగిన చారలు కాన్పు చారల్లా తెల్లగా కాక, లోపలి రక్తం కనబడి ఊదారంగులో, వేలెడు వెడల్పున ఉంటాయి. దీన్నే కుషింగ్స్ సిండ్రోమ్ అంటారు. అమెరికన్ న్యూరోసర్జన్ హార్వీ కుషింగ్ 1912లో ఇలాంటి రోగిని వర్ణించారు, ఆయన పేరే జబ్బుకు స్థిరపడింది.

ఇది చాలా అరుదు. పొట్ట ఉన్న ప్రతివాళ్లకీ పరీక్ష చేస్తే దొరికేది జబ్బు కాదు, అనవసర భయం. తేలిగ్గా కమలడం, తొడల కండ బలహీనత, ఊదా చారలు, ఎర్రబారిన ముఖం లాంటివి జత కలిస్తే డాక్టర్లు అనుమానిస్తారు. చిన్న వయసులోనే ఎముకలు గుల్లబారినా, మరెందుకో తీసిన స్కాన్‌లో అడ్రినల్ మీద గడ్డ కనిపించినా పరీక్ష రాస్తారు. పిల్లల్లోనైతే గుర్తు ఇంకా స్పష్టం: బరువు పెరుగుతుంటుంది, ఎత్తు పెరగడం ఆగిపోతుంది.

పొద్దున పరగడుపున ఒకసారి రక్తంలో కార్టిసాల్ చూసేస్తే సరిపోదా? సరిపోదు. ఆరోగ్యవంతుల్లోనూ తెల్లవారే వేళకు అది బాగా పెరిగి, అర్ధరాత్రికి అడుగంటుతుంది. జబ్బున్నవాళ్లలో రాత్రి కూడా దిగదు. హెల్త్ ప్యాకేజీల్లో పొద్దున చేసే ఆ ఒక్క పరీక్ష మీద నాకు నమ్మకం లేకపోవడానికి ఇదే కారణం.

మన టైలరుకు రాసింది వేరే పరీక్ష. రాత్రి 11 గంటలకు 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్ మాత్ర వేసుకుని, మర్నాడు ఉదయం 8 గంటలకు రక్తం ఇవ్వాలి. ఆ మాత్రను చూసి మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి 'ఇక చాలు' అని అడ్రినల్‌కు హుకుం పంపడం మానేయాలి, కార్టిసాల్ 1.8 మైక్రోగ్రాముల లోపుకు దిగాలి. ఆమెకు 11 వచ్చింది. అయినా అక్కడితో తీర్పు చెప్పేయరు. గర్భనిరోధక మాత్రలు, కొన్ని ఫిట్స్ మందులు ఈ అంకెను తప్పుగా పెంచుతాయి. తీవ్రమైన దిగులు, మద్యం అలవాటు కూడా కార్టిసాల్‌ను కొంత పెంచుతాయి. అందుకే అర్ధరాత్రి వేళ లాలాజలంలోనో, 24 గంటలు పట్టిన మూత్రంలోనో మళ్లీ చూస్తారు, అదీ ఒకటికి రెండుసార్లు. రాత్రి డ్యూటీలు చేసేవాళ్లకు లాలాజల పరీక్ష నమ్మదగ్గది కాదు, వాళ్ల గడియారమే తలకిందులు కదా.

ఆమెకు అన్నీ ఒకే మాట చెప్పాయి. ఆ తర్వాతే కారణం వెతికారు. ఎమ్మారైలో పిట్యూటరీ మీద 6 మిల్లీమీటర్ల గడ్డ కనిపించింది. అది క్యాన్సర్ కాదు. దాన్ని ముక్కు గుండా వెళ్లి తీసేశారు. ఆపరేషన్ తర్వాత కార్టిసాల్ ఒక్కసారిగా పడిపోయింది కాబట్టి, సొంత గ్రంథులు తేరుకునేదాకా కొన్ని నెలలు హైడ్రోకార్టిసోన్ మాత్రలు వాడాల్సి వచ్చింది.

అసలు ఈ పరీక్షలన్నిటికంటే ముందు డాక్టర్ ఆమెను అడిగిన ప్రశ్న ఒకటుంది: 'స్టెరాయిడ్లు ఏమైనా వాడుతున్నారా?' ఈ రూపం ఎక్కువమందికి వచ్చేది గడ్డల వల్ల కాదు, మందుల వల్లే. మోకాళ్ల నొప్పులకు చీటీ లేకుండా కొన్న మాత్రలు, ఆయాసానికి ఇచ్చిన పేరులేని పొడులు, తెల్లబడటానికి రాసే క్రీములు, వీటిలో స్టెరాయిడ్ దాగి ఉండొచ్చు. కాబట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న ప్రతి మాత్రా, పొడీ, ట్యూబూ సంచిలో వేసుకెళ్లండి. అనుమానం వచ్చింది కదా అని మీ అంతట మీరు హఠాత్తుగా మానేయకండి. నెలల తరబడి స్టెరాయిడ్‌కు అలవాటుపడి నిద్రపోతున్న అడ్రినల్ గ్రంథులు వెంటనే లేవవు, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.