తూకంలో పెరిగిందంతా కొవ్వు కాదు

పెళ్లి భోజనం చేసొచ్చిన మర్నాడు పొద్దున్నే బరువు చూసుకుంటే కిలో, కిలోన్నర ఎక్కువ చూపిస్తుంది. వారం రోజులుగా నోరు కట్టుకున్నదంతా ఒక్క పూటతో పోయిందని చాలామంది అక్కడే డీలా పడిపోతారు. ఇంకొందరు ఆ రోజంతా పస్తుండి, మర్నాడు అంకె కాస్త దిగితే హమ్మయ్య అనుకుంటారు. నిజానికి ఆ దిగులుకూ ఆధారం లేదు, ఈ ఊరటకూ ఆధారం లేదు. ఒంట్లో కొవ్వు రోజుకు గ్రాముల్లోనే పెరుగుతుంది, గ్రాముల్లోనే తగ్గుతుంది. కిలోల్లో ఊగేది నీళ్లు, పొట్టలో ఉన్న తిండి. ఈ రెండింటి చాటున దాగిన కొవ్వును ఎలా పోల్చుకోవాలో ఒక లెక్క వేసి చూద్దాం.

పద్మ అనే టీచరు బరువు తగ్గే ప్రయత్నంలో ఉన్నారనుకుందాం. ఆదివారం పొద్దున 72.2 కిలోలు. ఆ మధ్యాహ్నం బంధువుల ఇంట పెళ్లిలో భోంచేశారు. సోమవారం పొద్దున చూసుకుంటే 73.5. అంటే ఒక్క రోజులో 1.3 కిలోలు. ఇదంతా కొవ్వే అయితే ఆమె ఎంత తిని ఉండాలి? కిలో కొవ్వు ఒంట్లో చేరాలంటే ఖర్చయ్యే దానికన్నా సుమారు 7,700 కేలరీలు ఎక్కువ తినాలి. 1.3 కిలోలకు పదివేలు. 200 గ్రాముల అన్నంలో ఉండేది దాదాపు 260 కేలరీలు. కాబట్టి ఆమె మామూలుగా తినేది తినేసి, ఆపైన ముప్పై ఎనిమిది సార్లు అంతంత అన్నం పెట్టించుకుని ఉండాలి. ఎంత ఘనమైన విందయినా అది జరిగే పని కాదు.

ఆ 1.3 కిలోలు ఎక్కడివి?

మొదటి వాటా ఉప్పుది. పులిహోర, సాంబారు, ఆవకాయ, అప్పడాలు, వేపుళ్లు అన్నీ కలిస్తే మామూలు రోజుకన్నా ఓ 4 గ్రాముల ఉప్పు అదనంగా పడటం పెద్ద విషయం కాదు. రక్తంలోనూ, కణాల చుట్టూ ఉండే ద్రవంలోనూ ఉప్పు పాలు ఇంతే ఉండాలని శరీరం గట్టిగా పట్టుబడుతుంది. ఉప్పు పెరిగితే దాహం వేస్తుంది, మూత్రపిండాలు నీటిని బయటికి వదలకుండా ఆపుతాయి. ఆసుపత్రిలో ఎక్కించే మామూలు సెలైన్‌లో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఒంట్లో ద్రవం పాలు కూడా సుమారుగా అంతే. ఆ లెక్కన 4 గ్రాముల ఉప్పు దాదాపు 450 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తరవాతి రెండు మూడు రోజుల్లో అదనపు ఉప్పుతో పాటే ఆ నీరూ మూత్రంలో పోతుంది.

రెండో వాటా అన్నానిదీ, స్వీట్లదీ. పిండిపదార్థాల నుంచి వచ్చే చక్కెరను కాలేయం, కండరాలు గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటాయి. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో 400 గ్రాముల దాకా పడుతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతో దాదాపు మూడు గ్రాముల నీటిని అంటిపెట్టుకుని ఉంటుంది. కొన్నాళ్లుగా అన్నం తగ్గించి తింటున్న పద్మ ఒంట్లో ఆ నిల్వ సగం ఖాళీగా ఉంది. విందుతో 150 గ్రాములు నిండిందనుకుంటే, దాని వెంట వచ్చిన 450 గ్రాముల నీటితో కలిపి 600 గ్రాములు.

మూడోది ఇంకా పేగుల్లోనే ఉన్న తిండి. తిన్నది పూర్తిగా బయటికి పోవడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అది ఒక 200 గ్రాములు. ఇక మిగిలింది 50 గ్రాములు. కొవ్వుగా చేరిందేమైనా ఉంటే అది ఆ కాస్తే. ఈ పంపకం అచ్చంగా ఇలాగే జరిగిందని తూకం చూసి చెప్పలేం. కానీ 1.3 కిలోలు రావడానికి కొవ్వు అక్కర్లేదని మాత్రం తేలిపోతుంది.

తగ్గినా అదే మోసం

ఇదే లెక్క తిరగేస్తే, అన్నం పూర్తిగా మానేసిన వాళ్లకు మొదటి వారంలోనే రెండు మూడు కిలోలు ఎందుకు తగ్గుతుందో అర్థమవుతుంది. గ్లైకోజెన్ ఖాళీ అవుతుంది, దాన్ని అంటుకున్న నీరు పోతుంది. పచ్చళ్లూ అప్పడాలూ కూడా మానేస్తారు కాబట్టి ఉప్పు పట్టి ఉంచిన నీరూ పోతుంది. మొదటి వారం అంత తగ్గి, మూడో వారం పావుకిలో కూడా తగ్గకపోతే డైట్ పనిచేయడం మానేసిందని అనుకుంటారు. నిజానికి కొవ్వు రెండు వారాల్లోనూ ఒకే వేగంతో కరుగుతూ ఉండి ఉండొచ్చు. ఏకాదశి ఉపవాసం మర్నాడు తగ్గిన కిలో, ఎండలో షటిల్ ఆడొచ్చాక తగ్గిన అరకిలో కూడా ఇలాంటివే. తిని, తాగితే తిరిగి వచ్చేస్తాయి.

కొత్తగా జిమ్‌లో చేరిన వాళ్లకు ఇది ఎదురు తిరుగుతుంది. అలవాటు లేని వ్యాయామంతో కండరాలు నొప్పులు పుట్టి, బాగుపడే క్రమంలో నీటిని పట్టుకుంటాయి. మొదటి రెండు వారాలు చెమటోడ్చినా బరువు అరకిలో పెరగడం ఇందువల్లే. ఆడవాళ్లలో నెలసరికి ముందు వారం నుంచి ఒంట్లో నీరు చేరి, నెలసరి మొదలయ్యే రోజుకు ఎక్కువై, ఆ తరవాత దిగిపోతుంది. ఇది కొందరిలో అరకిలో, కొందరిలో రెండు కిలోల దాకా ఉంటుంది.

తిండికీ బరువుకూ ఉన్న ఈ లెక్క మీద ఓ మనిషి ఏళ్ల తరబడి కూర్చున్నాడు కూడా. ఇటలీలోని పాదువాలో పనిచేసిన వైద్యుడు సాంటోరియో, పెద్ద త్రాసుకు కుర్చీ వేలాడదీసి, తను తిన్నదీ తాగిందీ విసర్జించిందీ అన్నీ తూచుకుంటూ 1614లో పుస్తకం అచ్చువేశాడు. లోపలికి వెళ్లిన బరువులో చాలా భాగం కంటికి కనిపించకుండా పోతోందని ఆయన తేల్చాడు. ఊపిరితో, చర్మం నుంచి ఆవిరిగా పోయే నీరు అది. రాత్రి పడుకున్నప్పటికన్నా పొద్దున లేచేసరికి అరకిలోకు పైగా తగ్గి ఉండటానికి కారణాల్లో ఇదొకటి.

ఒక్క అంకె వద్దు, వారం సగటు చూడండి

రోజువారీ ఊపును ఆపలేం గానీ, దాన్ని లెక్కలోంచి తీసేయొచ్చు. పొద్దున లేచి, మూత్ర విసర్జన అయ్యాక, ఏమీ తినకముందు, తాగకముందు, పల్చటి బట్టలతో బరువు చూసుకుని రాసిపెట్టుకోండి. ఏడు రోజుల అంకెలు కూడి ఏడుతో భాగించండి. ఆ సగటునే మీ బరువు అనుకోండి. రోజూ కుదరకపోతే వారానికి నాలుగు రోజులైనా చాలు.

పద్మ నోటు పుస్తకంలో మొదటి వారం ఇలా ఉంది: 72.4, 72.1, 72.3, 71.9, 72.0, 71.8, 72.2. సగటు 72.1. పెళ్లి తరవాతి వారం: 73.5, 73.0, 72.3, 71.8, 71.5, 71.4, 71.4. సగటు మళ్లీ 72.1. విందు నీరు వారం సగటును కూడా పైకి లాగింది. కానీ అదే వారం చివర్లో అంకెలు విందుకు ముందు కన్నా కిందికి వచ్చాయని గమనించండి. మూడో వారం సగటు 71.3. నాలుగో వారం గురువారం నెలసరి మొదలైంది, ఆ రోజు 71.9 చూపించింది, సగటు 71.5కి పెరిగింది. ఇక్కడ వదిలేసే వాళ్లే ఎక్కువ. అయిదో వారం సగటు 70.8.

ఈ అయిదు సగటుల్లో పోల్చదగినవి మొదటిదీ అయిదోదీ. రెండింటికీ మధ్య నాలుగు వారాలు, రెండూ నెలసరి చక్రంలో ఒకే దశలో పడ్డాయి. 72.1 నుంచి 70.8కి, అంటే నాలుగు వారాల్లో 1.3 కిలోలు, వారానికి సుమారు 325 గ్రాములు. రోజుకు 350 కేలరీల చొప్పున తక్కువ తింటే కరిగే కొవ్వు అంతే ఉంటుంది. సోమవారం నాడు ఆమెను భయపెట్టిన అంకె, నెలంతా కష్టపడి సంపాదించిన అంకె రెండూ 1.3 కిలోలే. ఒకటి నాలుగు రోజుల్లో కరిగిపోయిన నీరు, రెండోది నిజమైన ఫలితం. నెలసరి ఉన్న ఆడవాళ్లు ఈ వారాన్ని పోయిన వారంతో కాకుండా పోయిన నెలలో అదే వారంతో పోల్చుకోవాలి. మగవాళ్లకు మూడు నాలుగు వారాల సగటుల వరస చాలు.

టేపు చెప్పే సాక్ష్యం

బరువు కదలకపోయినా పొట్ట తగ్గే సందర్భాలున్నాయి. కొత్తగా బరువులెత్తుతున్న వాళ్లకు కండ పెరిగి, కొవ్వు తగ్గి, తూకం అక్కడే ఉండిపోవచ్చు. అందుకే రెండు వారాలకోసారి నడుము కొలుచుకోవాలి. చివరి పక్కటెముకకూ, తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక, పొట్ట లోపలికి లాక్కోకుండా చూడాలి. రెండుసార్లు కొలిచి సగటు తీసుకోండి. సెంటీమీటరు తేడా చెయ్యి జారినా వస్తుంది, కాబట్టి రెండు సెంటీమీటర్లు తగ్గితేనే తగ్గినట్టు లెక్క. భారతీయుల్లో నడుము మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే షుగరు, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుందని వైద్యులు చెబుతారు.

మిషన్‌ను గట్టి నేల మీద, ఎప్పుడూ ఒకేచోట పెట్టండి. చాప మీదో, కార్పెట్ మీదో పెడితే అంకె మారుతుంది. నెలకోసారి విప్పని అయిదు కిలోల బియ్యం సంచితో ఒకసారి, సంచి లేకుండా ఒకసారి ఎక్కి చూడండి. తేడా అయిదు కిలోలు రాకపోతే తప్పు మిషన్‌ది. ఒంట్లో కొవ్వు శాతం చూపించే మిషన్లు పాదాల గుండా సన్నటి కరెంటు పంపి, అది పారే తీరును బట్టి అంచనా వేస్తాయి. ఆ పారకం ఒంట్లో నీటిని బట్టి మారుతుంది కాబట్టి ఆ శాతాన్ని రోజూ నమ్మొద్దు.

ఒకరోజు అంకెను పట్టించుకోవాల్సిన వాళ్లు కొందరున్నారు. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగి, కాళ్ల వాపో ఆయాసమో కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. ప్రయత్నం లేకుండానే ఆరునెలల్లో బరువులో ఇరవయ్యో వంతు తగ్గినా చూపించుకోవాలి. బరువు చూసుకోవడమే మనసును కలత పెడుతుంటే మిషన్‌ను పక్కనపెట్టి టేపుతో సరిపెట్టుకోండి.

మిగతా వాళ్లంతా ఒక నియమం పెట్టుకుంటే చాలు. నాలుగు వారాల సగటూ, నడుమూ రెండూ కదలకపోతేనే తిండిలో మార్పు చేయండి. అప్పటిదాకా ఒక పొద్దున అంకె చూసి పస్తుండొద్దు, ఒక పొద్దున అంకె చూసి పండగా చేసుకోవద్దు.